ఒక థీసిస్ రెండో అధ్యాయం: రెసిడెంట్ డాక్టర్ల బర్నౌట్‌పై సాహిత్య సమీక్షను ఎలా తిరగరాశాం

నేను ఒక వైద్య కళాశాల లైబ్రరీలో పనిచేస్తాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం ఇప్పుడు నా పనిలో పావు వంతు కూడా లేదు. మిగతా కాలమంతా థీసిస్‌లు రాసేవాళ్ల పక్కన కూర్చుని వెతకడంలోనే గడిచిపోతుంది. ఈ కేసు ఒక ఎం.పి.హెచ్. విద్యార్థినిది. ఎంబీబీఎస్ చేసి, హౌస్ సర్జన్సీ ముగించి, పీజీ సీటు కోసం ఆగకుండా ప్రజారోగ్యం వైపు వచ్చింది. థీసిస్ అంశం మనదేశంలో రెసిడెంట్ డాక్టర్లలో బర్నౌట్, దానికీ డ్యూటీ గంటలకీ ఉన్న సంబంధం.

తొలిసారి వచ్చినప్పుడు చేతిలో రెండో అధ్యాయం ప్రింటు ఉంది. మొదటి పేజీ పైన గైడ్ ఎర్ర పెన్నుతో ఒకే ముక్క రాశారు: "ఇది సమీక్ష కాదు, జాబితా." తిరగేసి చూశాను, ఆయన మాట నిజమే. ప్రతి పేరా ఒకే మూసలో ఉంది. ఫలానావారు ఫలానా సంవత్సరంలో ఇంతమందిని అడిగారు, ఇంత శాతం మందిలో బర్నౌట్ కనబడింది. ఒక పేరాలో మూడో వంతు, తర్వాతి పేరాలో సగం, ఇంకోచోట పదిమందిలో ఎనిమిదిమంది. ఏది నమ్మాలో, ఎందుకింత తేడానో ఒక్క వాక్యం లేదు. ఎలా వెతికిందో చెప్పాల్సిన చోట "పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్‌లలో సంబంధిత పదాలతో వెతకడమైనది" అని ఉంది. ఏ పదాలో, ఏ రోజో, ఎన్ని దొరికాయో, ఎన్ని వదిలేశారో లేదు.

"ఏం పదాలు కొట్టావమ్మా?" అని అడిగాను. `resident burnout india` అంది. అక్కడి నుంచే మొదలుపెట్టాం.

రెసిడెంట్ అంటే ఎవరు?

కీబోర్డు ముట్టుకోకముందే ఈ ప్రశ్న అడిగాను. "పీజీలు, మేడమ్" అంది తడుముకోకుండా. మరి హౌస్ సర్జన్లో? సీనియర్ రెసిడెంట్లో? డీఎన్‌బీ చేసేవాళ్లో? అప్పుడు ఆగింది. అమెరికా పేపర్లలో రెసిడెంట్ అంటే ఎండీ పట్టా పుచ్చుకుని ఒక స్పెషాలిటీలో శిక్షణలో ఉన్నవాడు. అక్కడ ఇంటర్న్ అంటే ఆ శిక్షణ మొదటి ఏడాదిలో ఉన్నవాడే. మన దగ్గర ఇంటర్న్ అంటే ఎంబీబీఎస్ చివరి ఏడాది తిప్పుడు పోస్టింగుల్లో ఉన్నవాడు, అంటే హౌస్ సర్జన్. అక్కడి ఇంటర్న్ అంకెను ఇక్కడి ఇంటర్న్ అంకె పక్కన పెడితే ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పోల్చినట్టే.

కాబట్టి ముందు కాగితం మీద రాసుకున్నాం. ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ శిక్షణలో ఉన్నవాళ్లు తీసుకుంటాం. సీనియర్ రెసిడెంట్లను వేరుగా చూపిస్తాం. హౌస్ సర్జన్లనూ పీజీలనూ కలిపి ఒకే అంకె ఇచ్చిన పేపర్లను పక్కన పెడతాం, విడివిడిగా ఇస్తే పీజీల అంకె మాత్రం వాడతాం. ప్రజారోగ్యం వాళ్లకు పికో అలవాటు, అంటే రోగులు, చికిత్స, పోలిక, ఫలితం అనే నాలుగు గడుల్లో ప్రశ్న వేసుకోవడం. కానీ ఇక్కడ చికిత్సా లేదు, పోల్చే గుంపూ లేదు. ఎంతమందిలో ఉంది అని అడిగే ప్రశ్నకు పరిస్థితి, సందర్భం, జనాభా అనే మూడు గడులు చాలు. పరిస్థితి బర్నౌట్, సందర్భం మన దేశపు బోధనాసుపత్రి, జనాభా పైన అనుకున్న పీజీలు.

పన్నెండు పేపర్ల పరీక్ష

వెతుకుడు సూత్రం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? వచ్చిన పేపర్ల సంఖ్య చూసి మాత్రం తెలియదు. నా పద్ధతి ఇది. తప్పకుండా రావాల్సిన పేపర్లు కొన్నింటిని ముందే వేరే దారిలో పోగుచేస్తాను. గైడ్‌కి తెలిసినవి, పాత సమీక్షల చివరి జాబితాల్లో ఉన్నవి, ఆ అమ్మాయి ఇప్పటికే చదివినవి. ఈసారి అలాంటివి 12 దొరికాయి. పబ్‌మెడ్ ఒక్కో పేపరుకు ఇచ్చే పీఎంఐడీ నంబర్లన్నీ `OR`తో కలిపి పబ్‌మెడ్‌లో ఒక వరుసగా పెట్టాం. ఆ వరుస హిస్టరీలో 1వది అయితే, మన సూత్రం 2వది. ఆ తర్వాత కొట్టాల్సింది ఇంతే:

```
#1 NOT #2
```

మన వలలోంచి జారిపోయినవే తెరమీద మిగులుతాయి. ఆమె మొదటి సూత్రాన్ని కాస్త సవరించి పెట్టినా ఐదు జారిపోయాయి. ఆ ఐదింటినీ తెరిచి చదవడమే అసలు పాఠమైంది. రెండింటిలో ఎక్కడా రెసిడెంట్ అన్న మాటే లేదు, "పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్" అని ఉంది. ఒకదానిలో "జూనియర్ డాక్టర్స్". ఇంకొకటి అనస్థీషియా శాఖది, అందులో "ట్రైనీస్" అని రాశారు. ఐదోదానిలో అన్ని పదాలూ ఉన్నాయి, కానీ శీర్షికలోనూ సారాంశంలోనూ దేశం పేరు లేదు. "ఒక తృతీయ స్థాయి ఆసుపత్రిలో" అని మాత్రమే ఉంది. దేశం పేరు రచయితల చిరునామాలో ఉంది.

మన దగ్గర ఒకే మనిషిని క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరంటారు, హాస్టల్లో పీజీ అంటారు, సమ్మె టెంటులో జూడా అంటారు, యూనివర్సిటీ కాగితాల్లో విద్యార్థి అంటారు. పేపర్ రాసినవాళ్లు వాటిలో ఏ పేరు వాడారో మనం ఊహించలేం కనుక అన్నీ పెట్టాల్సిందే. జనాభా భాగం చివరికి ఇలా తయారైంది. ఇందులో `Mesh` అంటే పబ్‌మెడ్ పేపర్లకు తగిలించే నిర్ణీత విషయపదం, `tiab` అంటే శీర్షికలోనూ సారాంశంలోనూ వెతకమని:

```
"Internship and Residency"[Mesh] OR
"medical resident*"[tiab] OR "junior resident*"[tiab] OR
"senior resident*"[tiab] OR "resident doctor*"[tiab] OR
"resident physician*"[tiab] OR "junior doctor*"[tiab] OR
"postgraduate student*"[tiab] OR
"postgraduate trainee*"[tiab] OR trainee*[tiab] OR
"house surgeon*"[tiab] OR "house officer*"[tiab]
```

హౌస్ సర్జన్లను వద్దనుకున్నాం కదా, మళ్లీ ఎందుకు పెట్టారని ఆమె అడిగింది. మంచి ప్రశ్న. వాళ్లనూ పీజీలనూ కలిపి సర్వే చేసి, పట్టికలో విడివిడిగా ఇచ్చిన పేపర్లున్నాయి. వాటిని వెతుకుడు దశలోనే నరికేస్తే మళ్లీ దొరకవు. వెతికేటప్పుడు వల వెడల్పుగా, ఏరేటప్పుడు జల్లెడ సన్నగా ఉండాలి. ఒంటిగా `resident*` అని మాత్రం పెట్టలేదు. పెడితే వృద్ధాశ్రమాల నివాసులు, మురికివాడల నివాసులు, `residential` ఉన్న ప్రతి పేపరూ వచ్చి పడతాయి. `NOT "nursing home"` పెడదామంది. వద్దన్నాను. పీజీలు వృద్ధాశ్రమంలో పోస్టింగు చేశారని సారాంశంలో ఒక్క ముక్క ఉన్నా, మంచి పేపరు దానితో పాటే పోతుంది.

బర్నౌట్ భాగం చిన్నదే కానీ అందులోనూ ఒక గుంట ఉంది. మొదట ఆమె `burn*` అని పెట్టింది. కాలిన గాయాల వార్డు మొత్తం దిగింది. అంతకన్నా చిత్రం, వృషణాల కణితుల పేపర్లు వచ్చాయి. తనంతట తాను కుంచించుకుపోయి మచ్చగా మిగిలిన కణితిని వైద్యంలో "బర్న్‌డ్ అవుట్" అంటారు మరి. అందుకని ఇలా కుదించాం:

```
"Burnout, Psychological"[Mesh] OR burnout[tiab] OR
"burn out"[tiab] OR "emotional exhaustion"[tiab] OR
depersonalization[tiab] OR depersonalisation[tiab]
```

మెష్‌లో `Burnout, Professional` అనేది `Burnout, Psychological` కింద ఉంటుంది కనుక పైదాన్ని పెడితే కిందిదీ కలిసి వస్తుంది. ఇక మెష్ ఒక్కటే సరిపోదా అంటే, సరిపోదు. మెష్ తగిలించేది మెడ్‌లైన్‌లో ఉన్న పత్రికలకే. మన దేశపు పత్రికలు చాలా, పూర్తి పేపర్లు దాచే పీఎంసీ ద్వారా పబ్‌మెడ్‌లోకి వస్తాయి, వాటికి మెష్ ఉండదు. మెష్‌నే నమ్ముకుంటే విదేశీ పేపర్లు నిండుగా వచ్చి, మనకు కావలసినవే రాకుండా పోతాయి.

దేశం భాగంలో మూడు ముక్కలు:

```
India[Mesh] OR India[tiab] OR India[ad]
```

చివరి ముక్క చిరునామాలో వెతుకుతుంది. జారిపోయిన ఐదోది దీనివల్లే దొరికింది. మూడు భాగాలనూ `AND`తో కలిపి మళ్లీ పరీక్ష పెడితే 12కి 12 వచ్చాయి. ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. ఆ 12 పేపర్లూ ఎవరికో ముందే తెలిసినవి. ఎవరికీ తెలియని పేపరు దొరుకుతుందని ఇది హామీ ఇవ్వదు. అందుకే దొరికిన మంచి పేపర్లు ఎవరిని ఉటంకించాయో, వాటిని ఎవరెవరు ఉటంకించారో కూడా వెనకా ముందూ చూశాం.

చందా కట్టి వాడాల్సిన ఎంబేస్ డేటాబేస్ మా కళాశాలకు లేదు. లేదని అధ్యాయంలో రాసేశాం, దాచుకోవాల్సిన పనేం లేదు. గూగుల్ స్కాలర్ ఎన్ని లక్షలు చూపినా వెయ్యి దాటి తెరవనివ్వదు, 256 అక్షరాలకు మించిన సూత్రం తీసుకోదు. అక్కడ చిన్న సూత్రం పెట్టి, మొదటి 200 మాత్రం చూశామని స్పష్టంగా రాశాం. ప్రతి డేటాబేస్‌లో వెతికిన తేదీ, కొట్టిన సూత్రం ఉన్నదున్నట్టు, వచ్చిన సంఖ్య అనుబంధంలోకి వెళ్లాయి. వెతుకుడును ఎలా నివేదించాలో చెప్పే ప్రిస్మా-ఎస్‌లో 16 అంశాలున్నాయి. మాస్టర్స్ థీసిస్‌కు అన్నీ తప్పనిసరి కాకపోయినా ఈ మూడూ లేకపోతే మాత్రం ఎవరూ ఆ పనిని మళ్లీ చేసి చూడలేరు.

ఏరివేత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆమె ఒక్కతే చేసింది. పదింట ఒకటి చొప్పున స్నేహితురాలొకామె విడిగా చూసింది, తేడా వచ్చిన చోట గైడ్ తీర్పు చెప్పారు.

బర్నౌట్ అంటే ఎంత?

అసలు చిక్కు ఇక్కడుంది. పాత అధ్యాయంలో శాతాలు ఎందుకలా ఎగిరిపడ్డాయో తెలియాలంటే ప్రశ్నావళి లోపలికి దిగాలి.

ఎక్కువ పేపర్లు వాడేది మాస్లాక్ ప్రశ్నావళి. వైద్యంలాంటి సేవా వృత్తులకు వాడే రూపంలో 22 వాక్యాలు, మూడు భాగాలు. మనసు ఇంకిపోవడం మీద 9 వాక్యాలు. రోగిని మనిషిగా కాక "బెడ్ నంబర్ పద్నాలుగు"గా చూడటం మీద 5. నా పనికి ఒక అర్థం ఉందన్న భావన మీద 8. ప్రతిదానికీ ఎంత తరచుగా అనిపిస్తుందో 0 నుంచి 6 వరకు గుర్తు పెట్టాలి. 0 అంటే ఎప్పుడూ లేదు, 6 అంటే రోజూ. మూడు భాగాలకు మూడు వేర్వేరు మొత్తాలు వస్తాయి. మూడూ కలిపి ఒక్క అంకె చేయకూడదు. మూడోది తిరగబడి ఉంటుంది, అందులో మార్కులు తగ్గితేనే బర్నౌట్. కొన్ని పేపర్ల పట్టికల్లో "హై" అంటే మార్కులెక్కువనా, బర్నౌట్ ఎక్కువనా అన్నది రెండుసార్లు చదివితే గానీ తేలదు. పాత అధ్యాయంలో ఒకచోట ఆమె సరిగ్గా ఇదే తలకిందులుగా రాసింది.

ఇప్పుడొక పీజీని ఊహించుకుందాం అన్నాను. మనసు ఇంకిపోవడంలో 29, రోగిని కేసుగా చూడటంలో 11, పనికి అర్థం ఉందన్న భావనలో 36. ఈ మనిషికి బర్నౌట్ ఉందా?

వైద్యవృత్తి వాళ్ల కోసం ఇచ్చిన పాత హద్దుల ప్రకారం మొదటిది 27 లేదా ఆపైన ఉంటే ఎక్కువ, రెండోది 10 లేదా ఆపైన ఉంటే ఎక్కువ, మూడోది 33 లేదా అంతకన్నా తక్కువైతే బర్నౌట్ వైపు. మొదటి రెండింటిలో ఏదో ఒకటి ఎక్కువుంటే చాలనే పేపర్లో ఈయనకు బర్నౌట్ ఉంది. రెండూ ఎక్కువుండాలన్న పేపర్లోనూ ఉంది. మూడూ కలవాలన్న పేపర్లో లేదు, ఎందుకంటే 36 మధ్యస్థం. ఇక అన్ని వృత్తులకూ కలిపి ఇచ్చిన హద్దులు వాడిన పేపరైతే రెండో భాగానికి గీత 13 దగ్గరుంది. అక్కడ 11 మధ్యస్థమే, కాబట్టి "రెండూ ఎక్కువుండాలి" అన్న లెక్కలో కూడా ఈయన తప్పుకుంటాడు. మనిషి మారలేదు, గుర్తులు మారలేదు, నాలుగు లెక్కల్లో రెండింట బర్నౌట్ ఉంది, రెండింట లేదు.

గీతల అర్థం కూడా చూడమన్నాను. 27ని 9తో భాగిస్తే 3. అంటే నెలకు కొన్నిసార్లు అలసట అనిపించినా ఆ గీత అందుతుంది. 10ని 5తో భాగిస్తే 2, అంటే నెలకొకసారో అంతకన్నా తక్కువో. రాత్రంతా లేబర్ రూమ్‌లో నిలబడి పొద్దున రౌండ్స్‌కి పరిగెత్తే పీజీ నెలకు కొన్నిసార్లు అలసిపోయానని అనకుండా ఉంటుందా? ఈ హద్దులు రోగ నిర్ధారణకు పుట్టినవి కావు. మొదట సర్వే చేసిన గుంపును మూడు వంతులు చేస్తే పడిన గీతలవి. 2016లో వచ్చిన నాలుగో మాన్యువల్ వాటిని తీసేసింది కూడా. పేపర్లు మాత్రం వాడుతూనే ఉన్నాయి.

మన దేశపు పేపర్లలో కనిపించే ఇంకో కొలత కోపెన్‌హేగన్ ప్రశ్నావళి. 2005లో వచ్చింది, 19 ప్రశ్నలు, ఉచితం. మాస్లాక్‌కి లైసెన్సు కొనాలి, నెట్లో దొరికిన కాపీతో సర్వే చేస్తే తర్వాత పత్రిక అడిగినప్పుడు నోరు పెగలదు. కోపెన్‌హేగన్‌లో ఒక్కో జవాబుకు 0, 25, 50, 75, 100. సగటు 50 దాటితే బర్నౌట్ అని చాలామంది తీసుకుంటారు. అంటే అన్ని ప్రశ్నలకూ "అప్పుడప్పుడు" అని టిక్కు పెట్టినవాడు నేరుగా గీత మీద కూర్చుంటాడు. గీత మీదున్నవాణ్ణి లోపలికి లెక్కేశారా, బయటికా అన్నదాన్నిబట్టి ఆ పేపర్ శాతం పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇదంతా విని గైడ్ ఒక మాటన్నారు. "మా ఊరి మానిక వేరు, పక్కూరి మానిక వేరు. ఎన్ని మానికలు పండిందని కాదమ్మా, ఏ మానికతో కొలిచారని ముందు రాయి." మా పట్టికలో కొత్త గడి ఒకటి చేరింది. ఏ ప్రశ్నావళి, ఏ గీత, ఏదో ఒకటా, రెండూనా, మూడూనా. ఆ గడి నింపలేని పేపర్లు, అంటే గీత ఎక్కడ పెట్టారో చెప్పకుండా శాతం మాత్రం ఇచ్చినవి, చర్చలో ఉంటాయి గానీ పోలికలో ఉండవు.

ఇంకో గడి ఆమె తనంతట తాను పెట్టింది, అందులో నా గొప్పేమీ లేదు. పేపర్ అచ్చయిన సంవత్సరం కాక, జవాబులు సేకరించిన నెలలు. కోవిడ్ సంగతి అందరికీ తడుతుంది. ఆమెకు తట్టింది ఇంకొకటి. 2021 జనవరిలో జరగాల్సిన నీట్ పీజీ సెప్టెంబరుకు పోయింది, కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలవలేదు. ఆ నెలల్లో వార్డుల్లో మొదటి ఏడాది పీజీలు లేరు. మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లు మోశాయి. అప్పుడు సేకరించిన శాతాన్ని మామూలు ఏడాది శాతం పక్కన పెడితే, తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

అధ్యాయం ఎలా మారింది

పాత అధ్యాయం రచయితల పేర్ల వరుసలో నడిచింది. కొత్తది కొలతల వరుసలో నడుస్తుంది. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ బర్నౌట్ గురించి రాయడం, 1981లో మాస్లాక్, జాక్సన్‌ల ప్రశ్నావళి, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక వృత్తి సంబంధమైన స్థితిగా తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో చేర్చడం, ఇదంతా ఒకటిన్నర పేజీలో ముగించింది. పాతదాంట్లో ఇది తొమ్మిది పేజీలు.

ఆ వెంటనే 2018లో జామా అనే వైద్య పత్రికలో, డాక్టర్ల బర్నౌట్ మీద వచ్చిన రోటెన్‌స్టీన్ బృందం సమీక్ష. 45 దేశాల నుంచి 182 అధ్యయనాలు. బర్నౌట్ శాతం సున్నా నుంచి 80.5 దాకా ఉంది, బర్నౌట్‌కూ దాని భాగాలకూ కలిపి కనీసం 142 నిర్వచనాలు కనబడ్డాయి. పాత అధ్యాయంలో ఈ సమీక్ష "80.5 శాతం వరకు బర్నౌట్ ఉన్నది" అన్న వాక్యంగా మాత్రమే ఉంది. సమీక్ష రాసినవాళ్లు చెప్పదలచుకున్నది ఆ 142 గురించి, ఈమె ఎత్తిరాసుకున్నది 80.5. దాని తర్వాత రెసిడెంట్ల మీదే వచ్చిన రెండు మెటా విశ్లేషణలు పెట్టింది. 2018 నాటిది 35.7 శాతమంటుంది, 2019 నాటిది 51 శాతమంటుంది. ఏడాదిలో పీజీల బతుకు అంత దిగజారిందని కాదు. చేర్చుకున్న అధ్యయనాలూ గీతలూ వేరు. ఈ రెండింటి మధ్య దూరమే తర్వాతి విభాగానికి తలుపు తీసింది.

డ్యూటీ గంటల విభాగంలో ఒక తప్పు ఆపాల్సి వచ్చింది. "ఎక్కువ గంటలు పనిచేయడం వల్ల బర్నౌట్ వస్తుంది" అని రాసింది. తను ఏరిన పేపర్లన్నీ ఒకే రోజు, ఒకే ఫారంలో గంటలనూ అలసటనూ అడిగినవి. ఇంకిపోయినవాడికి గంటలు ఎక్కువగా గుర్తుండొచ్చు, బాగా అలిసినవాడు ఫారమే నింపకపోవచ్చు. కాబట్టి "సంబంధం కనబడింది" దగ్గరే ఆగాలి, ప్రతి పేపర్ పక్కనా ఎంతమందికి ఫారం ఇస్తే ఎంతమంది తిరిగి ఇచ్చారో ఉండాలి. నియమాల వైపు మాత్రం గట్టి నేల ఉంది. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం వారానికి 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలు మించొద్దంది. 2023 పీజీ నిబంధనలు అంకె చెప్పకుండా "సముచితమైన పని గంటలు" అన్నాయి. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. 48 దగ్గర మొదలై, మధ్యలో అంకె మాయమై, 74 దగ్గర తేలింది. ఆమె ఈ మూడింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, వ్యాఖ్య రాయకుండా వదిలేసింది. అది బాగుంది, నేను మార్చమనలేదు.

సమర్పించే ముందు, మొదటి వెతుకుడు జరిగిన ఏడు నెలలకు, అదే సూత్రాన్ని అక్షరం మార్చకుండా మళ్లీ కొట్టాం. కొత్తగా పనికొచ్చేలా కనబడినవి రెండు దొరికాయి. ఒకటి హౌస్ సర్జన్లనూ పీజీలనూ కలిపేసింది, బయటికి పోయింది. రెండోదానిలో గీత ఎక్కడ పెట్టారో లేదు. రచయితకు మెయిల్ పెట్టింది. నాలుగో రోజు జవాబొచ్చింది, వాళ్లు వాడింది 13 అట. పట్టికలో ఆ గడి నింపి, ఒక వాక్యం సవరించి, ప్రింటుకు పంపింది.